సంపు మూతల మీద బరువులు

ఆదివారం పొద్దున ఓబలప్ప టెంపో తీసుకొని వస్తాడు. ఆలోగా చెల్లెలు మునిలక్ష్మి ఒక బతుకుదెరువు చూసుకోకపోతే, సామాను టెంపోలో వేసుకొని క్యాసంబళ్ళికి పోవాలి, అన్న ఆవుల కొట్టంలో పనికి చేరాలి. అన్నాచెల్లెళ్ళ మధ్య మాట అలా కుదిరింది. పోయిన వారం మనం ఆమెను వదిలేసరికి ఆమె ఇడ్లీపిండి వ్యాపారం మూతపడింది. పిండి రుబ్బకముందు వీధిలో ప్రతి ఇంటికీ వెళ్ళి అడిగింది. అందరూ తీసుకుంటామన్నారు. రుబ్బిన తర్వాత రెండిళ్ళవాళ్ళు తీసుకున్నారు. మిగిలింది పులిసిపోతే పారబోసింది.

ఆమె భర్త పురుషోత్తం ప్లంబరు. బంగారు గనులున్న కోరమండల్‌లో కార్మికుల లైను ఇళ్ళు దాటాక గుమాస్తాలు, టీచర్లు ఇళ్ళు కట్టుకున్న వీధి ఒకటి ఉంది. ఆ వీధి చివరి ఇల్లు అతనిది. పోయినేడు అదే వీధిలో రిటైర్డు గుమాస్తా గుండూరావు ఇంటి సంపు కడగడానికి దిగాడు. సంపు అంటే నేల కింద కట్టిన నీళ్ళ తొట్టి, మనిషి దిగేంత లోతు ఉంటుంది. దిగినవాడు పైకి రాలేదు. గాలాడక చనిపోయాడని పోలీసు కాగితంలో రాశారు. మునిలక్ష్మికి తెలిసింది అంతే.

పిండి పారబోసిన మరునాడు అత్త జయలక్ష్మమ్మ అరుగు మీద కూర్చొని రాగులు చెరుగుతోంది.

"అందరూ ఊ అన్నారు కదత్తా. ఊ అని యాల తీసుకోలేదు?" అంది మునిలక్ష్మి.

"మొగుడు పోయిన పిల్ల వాకిట్లో నిలబడి పిండి రుబ్బేదా అంటే వద్దంటారా ఎవురైనా? నువ్వు బండలు అమ్ముతానన్నా ఊ అనే అంటారు. వాళ్ళు పిండికి ఊ అనలేదు, నీ మొహం చూసి ఊ అన్నారు."

"ముందే చెప్పుంటే ఏం పోయె?"

"నువ్వు నన్ను అడిగితివా? వీధినంతా అడిగితివి."

మునిలక్ష్మి ఆ మాట పట్టుకొని చాలాసేపు ఆలోచించింది. అడిగిన మనిషి విధవ అయితే జవాబు జాలితో వస్తుంది. జాలితో వచ్చిన జవాబుకు పిండి రుబ్బకూడదు. కాబట్టి అడిగే పద్ధతి మార్చుకోవాలి. "ఇది తెస్తే కొంటారా?" అని అడగకూడదు. వాళ్ళు ఇప్పటికే దేనికోసం తిప్పలు పడుతున్నారో చూడాలి. నిన్న ఏం చేశారో అడగాలి. నిన్నటి పని గురించి ఎవరూ మర్యాద కోసం అబద్ధం చెప్పరు.

సోమవారం నుంచి ఆమె బిందె తీసుకొని వీధి కొళాయి దగ్గర కూర్చుంది. తన నీళ్ళు పట్టుకున్న తర్వాత కూడా లేవలేదు. ఎవరు వస్తున్నారు, ఎన్నిసార్లు వస్తున్నారు, ఇంట్లో ఏ పని ఆపి వస్తున్నారు అని చూసింది. క్యాను నీళ్ళ ఆటో వస్తే ఆటో వెంట నడిచింది. ఏ ఇంటి ముందు ఆగుతోంది, ఎన్ని క్యాన్లు దిగుతున్నాయి అని చూసింది.

మొదట ఆమెకు వింతగా తోచింది క్యాన్ల సంగతి. ఇద్దరే ఉండే ఇంట్లో కూడా రోజుకొక క్యాను దిగుతోంది. ఇద్దరు మనుషులు అన్ని నీళ్ళు తాగరు. వినుత అని బ్యాంకులో పనిచేసే అమ్మాయి గేటు దగ్గర కనబడితే అడిగింది.

"నిన్న క్యాను నీళ్ళు దేనికి దేనికి వాడినావు పాపా?"

"తాగేదానికి. అన్నానికి. బియ్యం కడిగేదానికి. చిన్నోనికి స్నానానికి కూడా అవే పోసినాను అక్కా, వానికి ఒళ్ళంతా దురద."

"స్నానానికి క్యాను నీళ్ళా?"

"ఇంగేం చేసేది?" అని వినుత ఒక మాట మొదలుపెట్టి, మునిలక్ష్మి మొహం చూసి ఆపేసింది. "టైమైంది అక్కా, వస్తాను" అని లోపలికి పోయింది.

రెండో వింత డ్రమ్ములు. వీధిలో ప్రతి ఇంటి వరండాలో నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ములు ఉన్నాయి. ఇళ్ళ కొళాయిలకు నీళ్ళు వారానికొకసారి, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా వస్తాయి. వచ్చిన రోజు ఇంటివాళ్ళు మిగతా పనులన్నీ ఆపి పైపు పట్టుకొని డ్రమ్ములు నింపుతారు. టీచర్లు చీర కుచ్చిళ్ళు దోపుకొని బకెట్లు మోస్తారు. ఈ ఇళ్ళన్నింటికీ సంపు ఉంది. సంపు ఉన్న ఇంటికి డ్రమ్ము ఎందుకు? ఆమె ఇంటికి సంపు లేదు, డ్రమ్ము ఉంది. అందులో అర్థం ఉంది. వీళ్ళకెందుకు?

ఆ ప్రశ్నతో రెండోసారి వీధంతా నడిచినప్పుడు ఆమె నేల వైపు చూస్తూ నడిచింది. అప్పుడు మూతలు కనబడ్డాయి. వినుత ఇంటి సంపు మూత మీద సిమెంటు తొట్టిలో తులసి మొక్క. పక్కింటి మూత మీద పాత కడప బండ. ఆ తర్వాతి ఇంట్లో ఇసుక బస్తాలు. బచ్చప్ప అనే ఎల్ఐసీ ఏజెంటు ఇంట్లో స్కూటరు స్టాండు వేసింది మూత మీదే. గుండూరావు ఇంటి గేటు సందులోంచి చూసింది. ఆ మూత మీద రుబ్బురోలు ఉంది.

అన్నింటి మీదా బరువులే. ఒక్కటి కూడా ఈ మధ్య జరిపిన గుర్తు లేదు. తొట్టి చుట్టూ, బండ చుట్టూ, గనివాళ్ళు బంగారం తీసి పారబోసిన సైనైడ్ దిబ్బల నుంచి ఆషాఢం గాలికి వచ్చే తెల్ల దుమ్ము పేరుకొని ఉంది.

బచ్చప్ప భార్య చిన్నక్కను అడిగింది. "మీ సంపు కడిగి ఎన్నాళ్ళయింది చిన్నక్కా?"

చిన్నక్క చేతిలో ఉన్న చీపురు కింద పెట్టింది. "మాకు తెలీదమ్మా. ఆయన్ను అడగాల. కాఫీ తాగుతావా?"

కాఫీ తాగుతున్నంతసేపూ చిన్నక్క కూతురి కాలేజీ సీటు గురించి మాట్లాడింది. ఇంకో ఇంట్లో అడిగితే వాళ్ళు పాల ధర గురించి మాట్లాడారు. బుధవారం సాయంత్రానికి మునిలక్ష్మికి ఒకటి అర్థమైంది. ఈ వీధికి ఒక అవసరం ఉంది. ఆ అవసరం కోసం నడుములు విరగ్గొట్టుకుంటున్నారు. దాని పేరు మాత్రం ఆమె ముందు ఎవరూ ఎత్తడం లేదు.

ఆమె వత్సల ఇంటికి వెళ్ళింది. వత్సల గుండూరావు భార్య, ఇంకా ఉద్యోగంలో ఉన్న టీచరు. పురుషోత్తం పోయిన తర్వాత ఆ గేటు దాటడం ఇదే మొదలు. వత్సల తలుపు తీసి పక్కకు జరిగింది. తర్వాత కుర్చీ వేసింది. మునిలక్ష్మి కూర్చోలేదు.

"ఒక మాట అడగాలని వచ్చినాను టీచరమ్మా. వీధిలో సంపులన్నీ ఎందుకు మూసి పెట్టినారు?"

"ఎవరు చెప్పినారు మూసినామని?"

"చెప్పలేదు. అదే అడుగుతా ఉండాను. మీరు క్యాన్లకు దుడ్డు పోస్తా ఉండారు. వరండాలో డ్రమ్ములు. కడగని సంపు నీళ్ళకు వినుత కొడుక్కు ఒళ్ళంతా దద్దుర్లు. నేను పిండి రుబ్బకముందు ఇంటింటికీ పోయి ఏం కావాల, ఏం కావాల అని అడిగితి. టైలరింగ్ పెట్టు అన్నారు, టిఫిన్ పెట్టు అన్నారు. సంపు కడిగే మనిషి కావాలని ఒక్కరూ అనలేదు."

"నీతో ఎట్ల అంటామమ్మా?" అంది వత్సల. "నీతో సంపు అనే మాట ఎట్ల ఎత్తేది? పిల్లలకు కూడా చెప్పి పెట్టినాము, మునిలక్ష్మక్క ముందర ఆ మాట అనద్దండి అని."

"అంటే నేను అడిగేది మీ కష్టం. మీరు చూసేది నా కష్టం."

వత్సల కుర్చీ మీది దుమ్ము కొంగుతో తుడిచింది.

"కడిగించేదానికి మనుషులు దొరకలేదా?" అంది మునిలక్ష్మి.

"దొరికినారు. ఆండర్సన్‌పేట నుంచి ఇద్దరిని పిలిపించినాడు బచ్చప్ప. వాళ్ళు ఈ వీధి పేరు వింటానే తిరిగి పోయినారు." వత్సల గొంతు తగ్గించింది. "నీకు చెప్పకూడదు. ఆయప్ప, మీ ఆయన, సంపులు విడిచి యాడికీ పోలేదని అనుకుంటా ఉండారు. మధ్యాహ్నం మోటారు ఆపి పెట్టినప్పుడు కూడా లోపల గుడగుడమని చప్పుడు వస్తాది అంటారు. మా ఇంట్లోనే కాదు. వినుతా వినింది. చిన్నక్కా వినింది."

"మీరు విన్నారా?"

"వింటాను" అంది వత్సల. ఆమె విన్నాను అనలేదు. వింటాను అంది.

మునిలక్ష్మి కిటికీలోంచి రుబ్బురోలు వైపు చూసింది. తనూ వింటుంది. ఆమె ఇంటికి సంపు లేదు. బిందెలో నీళ్ళు పోస్తున్నప్పుడు నీళ్ళ చప్పుడు ఆగాక కూడా ఇంకెవరో పోస్తున్నట్టు ఉంటుంది. అది ఆమె ఎవరికీ చెప్పలేదు, అత్తకు కూడా.

"నేను కడుగుతాను టీచరమ్మా" అంది. "వీధి అంతా. ఒక్కో ఇంటికి ఆరు నెలలకు ఒకసారి."

వత్సల దగ్గరికి వచ్చింది. మునిలక్ష్మి చెయ్యి పట్టుకుంది. "నువ్వు కడగద్దు తల్లీ. మూత తీయి, చాలు. మేమంతా అనుకుంటానే ఉండాము, నిన్ను అడిగేదెట్ల అని. నీ చేత్తో తీస్తే ఆయప్ప ఏమీ అనడు. కడిగేదానికి మళ్ళీ ఎవుర్నన్నా పిలిపించుకుంటాము. ఒక్కసారి వచ్చి అన్ని ఇళ్ళలో మూతలు తీసి, టెంకాయ కొట్టి పో. చీర పెడతాము. చెయ్యి నిండా ఇస్తాము."

మునిలక్ష్మి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అట్ల తీస్తే మీకు ఒక పూజ అయితాది. నాకు ఒక పూట అయితాది. మళ్ళీ ఎవుడో ఒకడు నిచ్చెన వేసుకొని దిగతాడు. వాని పెండ్లాము కొళాయి దగ్గర కూర్చుంటాది."

"మరి నువ్వు దిగితే?"

"ఎవురూ దిగరు. నేనూ దిగను. మనిషి లోపలికి పోకుండా కడగాల. అది చేతనైతేనే చేస్తాను. లేదంటే ఆదివారం టెంపో ఎక్కుతాను."

"దిగకుండా ఎట్ల కడిగేది?"

"ఇంగా తెలీదు."

గురువారం ఆమె రాబర్ట్‌సన్‌పేటకు వెళ్ళింది. అక్కడ చంద్రు మోటార్ల రివైండింగ్ అంగడి ఉంది. చంద్రు పురుషోత్తానికి తమ్ముడి వరస, పని నేర్చుకుంది అతని దగ్గరే. ఆమె చెప్పింది విన్నాక తీగలు చుట్టడం ఆపాడు.

"అయితాది అక్కా. బురద పంపు అని ఉండాది. కరెంటుది. తాడు కట్టి దించితే నీళ్ళలో మునిగి అడుగు బురద లాగేస్తాది. పైన నిలబడి నీళ్ళు జోరుగా చిమ్మే ప్రెషర్ గన్నుతో గోడలు కొట్టచ్చు. మూలలకు రెండు వెదుర్లు జోడించి బ్రష్షు కడితే సరి. లోపల ఏముందో కనబడేదానికి కడ్డీకి లైటు. మనిషి దిగాల్సిన పనే లేదు."

"అంత సులభమైతే ఇన్నాళ్ళూ ఎందుకు దిగినారు?"

"దిగే మనిషి పంపు బాడుగ కంటే చవక అక్కా. అందుకే."

ఇద్దరూ కూర్చొని లెక్క వేశారు. పంపు, గన్ను బాడుగ. బ్లీచింగ్ పౌడరు. చంద్రు కూలి, ఆమె కూలి. ఒక ఇంటికి సగం రోజు. మొత్తం పెట్టి చూస్తే, ఒక ఇల్లు నెలన్నరలో క్యాన్ల మీద పెట్టే ఖర్చంత వచ్చింది. ఆరు నెలలకు ఒకసారి కాబట్టి ఇంటివాళ్ళకు నష్టం లేదు. పంపు బాడుగ రోజు లెక్కన కాబట్టి ఒకేరోజు రెండిళ్ళు కుదిరితేనే ఆమెకు మిగులుతుంది. వారానికి ఒక్క ఇల్లే అయితే మిగలదు. అది ఆమె రెండుసార్లు వేసి చూసింది.

ఇంకొక చిక్కు చంద్రు చెప్పలేదు, ఆమెకే తట్టింది. సంపు కడగాలంటే ఉన్న నీళ్ళు పారబోయాలి. ఈ ఊళ్ళో నీళ్ళు పారబోయమంటే ఎవరూ ఒప్పుకోరు. కాబట్టి కొళాయి వంతు వచ్చే ముందు రోజు కడగాలి. అప్పటికి సంపులో నీళ్ళు అడుగంటి ఉంటాయి. పైన తేరుకున్న నీళ్ళు ముందు డ్రమ్ములోకి తోడి మొక్కలకు, మరుగుదొడ్డికి ఉంచుకోమనాలి. మరునాడు కొత్త నీళ్ళు కడిగిన సంపులోకి వస్తాయి. వీధిలో ఆ వంతు ఆదివారం. అంటే కడిగేది శనివారం.

శుక్రవారం మూడోసారి ఇంటింటికీ వెళ్ళింది. ఈసారి కడిగిస్తారా అని అడగలేదు. "ఏ శనివారం?" అని అడిగింది. బాగుంటుంది అన్నవాళ్ళను లెక్కలోకి తీసుకోలేదు. తేదీ చెప్పినవాళ్ళనే తీసుకుంది. వినుత, చిన్నక్క, ఇసుక బస్తాల ఇంటి మారప్ప తేదీలు చెప్పారు. ముగ్గురూ ఒకే షరతు పెట్టారు. ముందు గుండూరావు ఇంటి సంపు తెరవాలి. అది తెరిచి, కడిగి, అందరూ బయట ఉంటేనే.

వత్సల ఒప్పుకుంది. శనివారం, అంటే రేపు.

శనివారం ఎండ రాకముందే చంద్రు ఆటోలో సామాను దించాడు. గుండూరావు అరుగు మీద పేపరు చదువుతున్నాడు. పేజీ తిప్పడం లేదు. వినుత, చిన్నక్క, మారప్ప గేటు అవతల నిలబడ్డారు. లోపలికి రమ్మంటే రాలేదు.

"ఏం చిన్నక్కా, సినిమాకు వచ్చినట్టు నిలబడినారు. టిక్కెట్టు తీసినారా?" అన్నాడు చంద్రు.

"మా టిక్కెట్టు పైవారం ఉండాది లేప్పా. నీ పని నువ్వు చూడు" అంది చిన్నక్క.

చంద్రు, మునిలక్ష్మి కలిసి రుబ్బురోలు పక్కకు దొర్లించారు. మూత ఇనుప రేకు. తుప్పు పట్టి అంచులకు అతుక్కుంది. గునపం పెట్టి లేపారు. టెంకాయ కొట్టలేదు.

వాసన వచ్చింది. మురిగిన ఆకుల వాసన. మునిలక్ష్మి పక్కకు తిరిగి నిలబడింది. చంద్రు కొవ్వొత్తి వెలిగించి డబ్బాలో పెట్టి, తీగ కట్టి దించాడు. సగం దూరం పోయేసరికి మంట చిన్నదై ఆరిపోయింది. గేటు అవతల ఎవరో పేరు ఎత్తారు. పురుషోత్తం పేరు.

"ఆయప్ప కాదు" అన్నాడు చంద్రు గేటు వైపు తిరగకుండా. "ఏడాది పైన మూసి పెడితే బురద మురిగి లోపలి గాలిని తినేస్తాది. మా నాయన గని అండర్‌గ్రౌండులో పనిచేసినాడు, దీపం ఆరితే వెనక్కి వచ్చేయాల అనేవాడు. దీపం ఆరకపోయినా దిగమని అర్థం కాదు. దీపానికి తెలీని విషాలు ఉండాయి."

మూత తీసి గాలి పోయేదాకా ఆగారు. తర్వాత ఆమె కడ్డీకి కట్టిన లైటు దించి, మొదటిసారి లోపలికి చూసింది.

ఆ రోజు నుంచి ఆ సంపును ఎవరూ వాడలేదు. కొళాయి పైపును డ్రమ్ములకు మళ్ళించుకున్నారు. కాబట్టి లోపల ఆ రోజు ఎలా ఉందో అలాగే ఉంది. అడుగున నల్లటి నీళ్ళు. గోడకు ఆనించిన కొబ్బరి పీచు బ్రష్షు. మూడు గోడలు పాచిపట్టి ఉన్నాయి. నాలుగో గోడ సగం కడిగి ఉంది. కడిగిన చోటు మనిషి భుజం ఎత్తు దగ్గర ఆగింది. దాని కింద వేళ్ళు జారిన గీతలు ఉన్నాయి, నీళ్ళదాకా.

మునిలక్ష్మి లైటు పైకి తీసింది. గుండూరావు పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"అక్కా, ఆపుదామా?" అన్నాడు చంద్రు.

"పంపు దించు."

పంపు దించారు. షాకు కొట్టకుండా తీగకు ట్రిప్పు స్విచ్చి పెట్టి అరుగు మీది ప్లగ్గులో పెట్టారు. పైపులోంచి మొదట నల్ల నీళ్ళు, తర్వాత బూడిద రంగు బురద వచ్చి కాంపౌండు మూలలో తవ్విన గుంతలో పడింది. అడుగున సగానికి పైగా దిబ్బల దుమ్మే. మునిలక్ష్మి గన్ను పట్టుకొని గోడలు కొట్టింది. పాచి పొరలు ఊడిపడ్డాయి. మూడు గోడలు పూర్తి చేసింది. నాలుగో గోడ మీదికి గన్ను తిప్పేముందు ఆగింది. ఆ గీతలు ఉన్న చోట కొట్టాలి. కొట్టకపోతే సంపు కడిగినట్టు కాదు.

కొట్టింది. గీతలు పోయాయి.

అప్పుడే కరెంటు పోయింది. పంపు ఆగింది. అడుగున మోకాలెత్తు బురదనీళ్ళు ఇంకా ఉన్నాయి. పైపులో మిగిలిన నీళ్ళు వెనక్కి జారాయి. సంపులోంచి గుడగుడమని చప్పుడు వచ్చింది. గేటు అవతలివాళ్ళు రెండడుగులు వెనక్కి వేశారు.

"గాలి" అన్నాడు చంద్రు. "పైపులో గాలి. మీ మోటార్లు ఆపినా పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్వు లీకైతే ఇదే చప్పుడు."

కొంతసేపు చూశారు. కరెంటు రాలేదు. సాయంత్రం దాకా రాకపోతే పని సగంలో ఆగుతుంది. సగం కడిగిన సంపు చూసి ముగ్గురూ తేదీలు వెనక్కి తీసుకుంటారు. మునిలక్ష్మి ఆ మాట పైకి అనలేదు. గుండూరావుకు అర్థమైనట్టుంది. లేచి ఇంటి వెనక్కి పోయాడు. తిరిగి వచ్చేటప్పుడు ఒక పెట్రోలు ఇంజను పంపును ఈడ్చుకుంటూ వచ్చాడు. దాని హ్యాండిలుకు తాడు కట్టే ఉంది.

"ఏడాదిగా ముట్టుకోలేదు, అయినా నడుస్తాది" అన్నాడు. "ఆ పొద్దు కూడా కరెంటు లేదు. పురుషోత్తం దీన్నే లోపలికి దించుకొని నడిపినాడు. చంద్రూ, తాడు పట్టుకో అప్పా. లోపల పెడదాము."

చంద్రు తాడు పట్టుకోలేదు. ఇంజను వైపు చూశాడు, తర్వాత సంపు వైపు చూశాడు.

"సార్, దీన్ని లోపల పెట్టినారా? ఆయన లోపల ఉండంగా?"

"కరెంటు లేకపోతే ఇంగేం చేస్తాము?"

"ఇంజను పొగలో వాసన తెలీని విషం ఉండాది సార్. మూసిన గదిలో ఆ పొగ వదిలితే మనిషి నిద్ర వచ్చినట్టు కూర్చుంటాడు, అంతే. కాగితంలో గాలాడక అని రాసినారు. పోలీసులు ఈ ఇంజను చూడలేదా?"

"మనిషిని పైకి తీసేదానికి అడ్డముండాదని ముందు దాన్ని లాగేసినాము. వాళ్ళు వచ్చేసరికి వెనక పెట్టేసినాను. ఎవరూ అడగలేదు." గుండూరావు గొంతులో ఏమీ దాచిన జాడ లేదు. అతనికి నిజంగానే తెలియదు. ఏడాదిగా ఆ ఇంజను పక్కనుంచే రోజూ నడిచాడు.

మునిలక్ష్మి గన్ను కింద పెట్టింది. "చంద్రూ. మీ అన్నకు తెలీదా ఆ సంగతి?"

"తెలుసు అక్కా. నాకు చెప్పిందే ఆయన. ఇంజను ఎప్పుడూ బయటనే ఉండాల, పైపు మాత్రమే లోపలికి పోవాల అని. ఈ లోతుకు పైనుంచే సులభంగా లాగుతాది. లోపలికి దించాల్సిన పనే లేదు. ఆయన ఎందుకు దించినాడో నాకు తెలీదు."

ఈ మాట అడిగితే ఈ ఇల్లు పోతుంది. ఈ ఇల్లు పోతే వీధి పోతుంది. రేపు టెంపో వస్తుంది. మునిలక్ష్మికి అదంతా తెలుసు. ఆమె గుండూరావు ఎదురుగా వచ్చి నిలబడింది.

"లోపల పెట్టమనింది ఎవరు సార్?"

గుండూరావు నోరు తెరిచాడు. అతను గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తున్నాడు.

"ఆయనకు తెలీదు. ఆయన ఆ పొద్దు బ్యాంకుకు పోయినాడు." ఆ గొంతు గడప దగ్గర నుంచి వచ్చింది. వత్సల తలుపు రెక్క పట్టుకొని నిలబడి ఉంది. "ఇంజను వంటింటి కిటికీ కింద పెట్టినాడు. పొగంతా ఇంట్లోకే. నేను పిల్లలకు ఫోన్లో పాఠం చెప్తా ఉంటిని. చప్పుడుకు వాళ్ళకు నా మాట వినబడలేదు. నేనే కిటికీలోంచి చెప్పినాను, దాన్ని లోపలికి దించుకో అప్పా అని."

"ఏమన్నాడు?"

"వద్దు టీచరమ్మా, ఇది బయటనే ఉండాల అన్నాడు. ఒక గంట పని కదా, సర్దుకో అన్నాను." వత్సల తలుపు వదల్లేదు. "సరే అన్నాడు."

గుండూరావు చేతిలోంచి ఇంజను తాడు వదిలేశాడు.

కరెంటు వచ్చింది. కరెంటు పోయినప్పుడు చంద్రు స్విచ్చి ఆపడం మరిచిపోయాడు. సంపు అడుగున పంపు దానంతట అది తిరగడం మొదలుపెట్టింది. పైపు కదిలి, బిగిసి, బురద కక్కసాగింది. చంద్రు అరుగు దగ్గరికి పరుగెత్తి స్విచ్చి మీద చెయ్యి పెట్టి, మునిలక్ష్మి వైపు తిరిగాడు. వినుత, చిన్నక్క, మారప్ప గేటు కమ్ములు పట్టుకొని ఆమె వైపే చూస్తున్నారు. వత్సలా చూస్తోంది.

"అక్కా, ఆపేదా? నడవనిచ్చేదా?" అన్నాడు చంద్రు.